కొనుగోలు ధర పెరిగిన నెలలో స్థూల లాభం: ఫైఫోలో ఎంత, సగటులో ఎంత

2024 సెప్టెంబరు 14 నుంచి ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి మీద అంతవరకు సున్నాగా ఉన్న మూల కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 20 శాతం చేసింది. సెస్సులు కూడా కలిపితే 5.5 శాతంగా ఉన్న భారం 27.5 శాతానికి చేరింది. ఆ నెలలో వంటనూనె టోకు వ్యాపారుల గోదాముల్లో పాత ధరకు కొన్న టిన్నులూ కొత్త ధరకు కొన్న టిన్నులూ పక్కపక్కనే ఉన్నాయి. చూడటానికి ఒకే సరుకు, అమ్మే ధరా ఒకటే, కానీ మనకు పడిన ధర మాత్రం వేరు. అమ్మిన టిన్ను పాతదని రాసుకోవాలా, కొత్తదని రాసుకోవాలా, రెండూ కలిపి సగటు కట్టాలా అన్నదాన్ని బట్టి నెలాఖరున స్థూల లాభం మారుతుంది. ఎంత మారుతుందో, ఎందుకు మారుతుందో, ఆ తేడా తరువాత ఏమవుతుందో మీ లెక్కల్లో మీరే తేల్చుకునే విధానాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం.

ఉదాహరణకు తీసుకున్నది 15 లీటర్ల పొద్దుతిరుగుడు నూనె టిన్నులు అమ్మే ఒక టోకు దుకాణం, కాలం ఆ సెప్టెంబరు నెల. సుంకం వివరాలు వాస్తవమైనవి. టిన్ను ధరలూ పరిమాణాలూ మాత్రం లెక్క సులువుగా సాగడానికి నేను వేసుకున్న అంకెలు, అవి మార్కెట్ రేట్లు కావు.

ముందుగా, టిన్ను మనకు ఎంతకు పడిందో తేల్చండి

ఏ పద్ధతి వాడినా లెక్కలోకి వెళ్లే ధర సరిగా లేకపోతే ఫలితం సరిగా రాదు. బిల్లులోని ధర నుంచి వ్యాపార తగ్గింపు తీసివేసి, సరుకు మన గోదాముకు చేరేదాకా అయిన లారీ కిరాయి, దింపుడు హమాలీ కలపండి. మనం తిరిగి రాబట్టుకోగలిగిన జీఎస్టీని కలపకండి. మన గోదాము నుంచి కొనేవారి దుకాణానికి పంపే ఖర్చు అమ్మకపు ఖర్చు కాబట్టి అదీ ఇందులోకి రాదు. మన ఉదాహరణలో సెప్టెంబరు 18న వచ్చిన లారీకి టిన్ను బిల్లు ధర 1,880 రూపాయలు, కిరాయీ హమాలీ కలిసి టిన్నుకు 20 రూపాయలు, అంటే పడిన ధర 1,900 రూపాయలు. వంటనూనె మీద ఉన్న 5 శాతం జీఎస్టీని పొరపాటున ఇందులో కలిపితే టిన్ను 1,994 రూపాయలు అవుతుంది. అప్పుడు రెండు పద్ధతుల మధ్య తేడా కన్నా ఈ పొరపాటు వల్ల వచ్చే తేడాయే పెద్దదవుతుంది.

తేదీల వరుసలో రాకపోకలు రాయండి

| తేదీ | వివరం | టిన్నులు | టిన్ను ధర (రూ.) | మొత్తం (రూ.) |
|---|---|---|---|---|
| సెప్టెంబరు 1 | ప్రారంభపు సరుకు | 100 | 1,600 | 1,60,000 |
| సెప్టెంబరు 6 | కొనుగోలు | 200 | 1,660 | 3,32,000 |
| సెప్టెంబరు 12 | అమ్మకం | 180 | 1,740 | 3,13,200 |
| సెప్టెంబరు 18 | కొనుగోలు | 280 | 1,900 | 5,32,000 |
| సెప్టెంబరు 25 | అమ్మకం | 250 | 1,980 | 4,95,000 |

నెలాఖరుకు గోదాములో 150 టిన్నులు మిగిలాయి. మొత్తం అమ్మకాలు 8,08,200 రూపాయలు. ప్రారంభపు సరుకూ కొనుగోళ్లూ కలిపితే 10,24,000 రూపాయలు. ఈ రెండు అంకెలూ ఏ పద్ధతిలోనూ మారవు. ఆ 10,24,000 రూపాయల్లో ఎంత భాగం అమ్మిన సరుకు ఖర్చుగా వెళ్లింది, ఎంత భాగం మిగిలిన సరుకు విలువగా నిలిచింది అన్న పంపకం మాత్రమే మారుతుంది.

ఫైఫో ప్రకారం కట్టండి

ముందు వచ్చిన సరుకు ముందు పోయిందని భావించడమే ఫైఫో. నిజంగా కూలీ ఏ టిన్ను ఎత్తాడన్నదానితో దీనికి సంబంధం లేదు, ఇది ధరల వరుస మాత్రమే. 12వ తేదీ అమ్మిన 180 టిన్నులకు ముందుగా పాత 100 టిన్నులను 1,600 చొప్పున, తరువాత 6వ తేదీ సరుకులో 80 టిన్నులను 1,660 చొప్పున తీసుకుంటే ఖర్చు 2,92,800 రూపాయలు. 25వ తేదీ అమ్మిన 250 టిన్నులకు, 6వ తేదీ సరుకులో మిగిలిన 120 టిన్నులు 1,660 చొప్పున, 18వ తేదీ సరుకులో 130 టిన్నులు 1,900 చొప్పున వెళ్తాయి, ఖర్చు 4,46,200 రూపాయలు. మొత్తం ఖర్చు 7,39,000 రూపాయలు కాబట్టి స్థూల లాభం 69,200 రూపాయలు, అమ్మకాల్లో సుమారు 8.6 శాతం. మిగిలిన 150 టిన్నులన్నీ 18వ తేదీ సరుకువే, వాటి విలువ 2,85,000 రూపాయలు.

సగటు ప్రకారం కట్టండి, అయితే ఏ సగటో ముందే నిర్ణయించుకోండి

చాలామంది ఇక్కడే తడబడతారు. సగటు అనే ఒకే పేరుతో రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. మొదటిది చలించే సగటు, అంటే కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ అప్పటికి గోదాములో ఉన్న సరుకుతో కలిపి కొత్త సగటు కట్టడం. రెండవది నెలాఖరున ఒక్కసారే, ప్రారంభపు సరుకునూ ఆ నెల కొనుగోళ్లన్నిటినీ కలిపి ఒకే సగటు కట్టడం.

చలించే సగటులో 6వ తేదీ తరువాత 300 టిన్నులు, 4,92,000 రూపాయలు, అంటే టిన్ను 1,640 రూపాయలు. 12వ తేదీ అమ్మిన 180 టిన్నులకు ఖర్చు 2,95,200 రూపాయలు. మిగిలిన 120 టిన్నుల విలువ 1,96,800 రూపాయలు. 18వ తేదీ సరుకు చేరాక 400 టిన్నులు, 7,28,800 రూపాయలు, కొత్త సగటు 1,822 రూపాయలు. 25వ తేదీ 250 టిన్నులకు ఖర్చు 4,55,500 రూపాయలు. మొత్తం ఖర్చు 7,50,700 రూపాయలు, స్థూల లాభం 57,500 రూపాయలు, అంటే సుమారు 7.1 శాతం. మిగిలిన సరుకు విలువ 2,73,300 రూపాయలు.

నెలాఖరు సగటులో 10,24,000 రూపాయలను 580 టిన్నులకు పంచితే టిన్ను సుమారు 1,765.52 రూపాయలు. స్థూల లాభం దాదాపు 49,028 రూపాయలకు, అంటే 6.1 శాతానికి పడిపోతుంది. మిగిలిన సరుకు విలువ దాదాపు 2,64,828 రూపాయలు. కారణం స్పష్టమే. 18వ తేదీన వచ్చిన ఖరీదైన సరుకు ధరలో కొంత భాగం, ఆ సరుకు ఇంకా గోదాముకే రాని 12వ తేదీ అమ్మకం మీద కూడా పడింది. నా ఉద్దేశంలో ధర ఒక్కసారిగా ఎగిరిన నెలలో ఈ లెక్క ఆ నెల పరిస్థితిని సరిగా చూపదు. ధర నెమ్మదిగా కదిలే సరుకుకైతే దీనితో పేచీ లేదు.

ఫైఫోలో ఈ గొడవ లేదు. అమ్మినప్పుడల్లా కట్టినా నెలాఖరున ఒక్కసారి కట్టినా మిగిలినవి ఆఖరి 150 టిన్నులే కాబట్టి జవాబు ఒకటే వస్తుంది.

తేడా ఎక్కడ ఉందో సరిచూడండి

ఫైఫో లాభానికీ చలించే సగటు లాభానికీ తేడా 11,700 రూపాయలు. ఇప్పుడు మిగిలిన సరుకు విలువలు చూడండి: 2,85,000, 2,73,300. తేడా మళ్లీ అదే 11,700. ఇది కాకతాళీయం కాదు. ఎక్కువగా కనిపించిన లాభమంతా గోదాములో ఉన్న 150 టిన్నుల మీదే, టిన్నుకు 78 రూపాయల చొప్పున ఉంది. గల్లా పెట్టెలోకి ఒక్క రూపాయి కూడా అదనంగా రాలేదు.

మన ఉదాహరణలో ప్రారంభపు సరుకు విలువ రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి లెక్క ఇంత తేలికగా సరిపోయింది. నడుస్తున్న వ్యాపారంలో ప్రారంభపు సరుకులో కూడా తేడా ఉంటుంది. అప్పుడు వాడవలసిన సూత్రం ఇది:

```
లాభంలో తేడా = ముగింపు సరుకులో తేడా − ప్రారంభపు సరుకులో తేడా
(ప్రతి తేడా = ఫైఫో విలువ − సగటు విలువ)
```

ధరలు పెరిగితే ఫైఫో ఎక్కువ లాభం చూపుతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న మాటకు ఈ సూత్రం ఒక హద్దు గీస్తుంది. ఫైఫో ఎక్కువ లాభం చూపాలంటే ధర పెరిగితే చాలదు, రెండు విలువల మధ్య ఎడం ఆ కాలంలో ఇంకా పెరగాలి. ధర ప్రతి నెలా ఒకే తీరున పెరుగుతూ, నిల్వ కూడా ఒకే స్థాయిలో ఉంటే, మొదటి నెలల్లో ఏర్పడిన ఎడం అలాగే నిలిచిపోతుంది కాబట్టి తరువాతి నెలల్లో రెండు పద్ధతుల లాభం దాదాపు ఒకటే అవుతుంది. గోదాములో సరుకు నిలవకుండా వారంలోపే తిరిగే దుకాణంలో ఎడం మొదటినుంచీ చిన్నదిగానే ఉంటుంది.

తరువాతి నెల కూడా కట్టి చూడండి

ఒక్క నెల లెక్కతో ఆగిపోతే కథ సగమే తెలుస్తుంది. అక్టోబరులో ధర 1,900 రూపాయల దగ్గరే నిలిచిందనీ, ఇంకో 200 టిన్నులు 3,80,000 రూపాయలకు కొని, ఉన్న 350 టిన్నులనూ 1,980 చొప్పున అమ్మేశారనీ అనుకోండి. అమ్మకాలు 6,93,000 రూపాయలు. ఫైఫోలో ఖర్చు 6,65,000 కాబట్టి లాభం 28,000 రూపాయలు. సగటులో ప్రారంభపు సరుకే తక్కువ విలువతో వచ్చింది కాబట్టి ఖర్చు 6,53,300, లాభం 39,700 రూపాయలు. ఈసారి సగటు పద్ధతే ఎక్కువ లాభం చూపింది, అదీ సరిగ్గా 11,700 రూపాయలే. రెండు నెలలూ కలిపితే రెండు పద్ధతుల్లోనూ 97,200 రూపాయలు.

అంటే పద్ధతి లాభాన్ని పుట్టించదు, దాన్ని ఒక నెల నుంచి మరో నెలకు జరుపుతుంది. ఆ జరుగుడు మార్చి 31ని దాటితే పన్ను కట్టే సంవత్సరం మారవచ్చు, బ్యాంకుకు ఇచ్చే స్టాకు పట్టికలో విలువ మారవచ్చు, లాభంలో వాటా ఉన్న భాగస్వామికి ఆ ఏడాది వచ్చే మొత్తం మారవచ్చు. అందుకే సంవత్సరం చివరి రోజు నిల్వ ఎంత ఉంది, చివరి కొనుగోలు ధర సగటుకు ఎంత దూరంలో ఉంది అన్న రెండు విషయాలనూ ముందు చూడాలి.

లాభంలో వ్యాపారపు పాలు ఎంతో విడదీయండి

పద్ధతి ఏదైనా, ఇంటి ఖర్చుకు డబ్బు తీసే ముందు ఈ ఒక్క లెక్క చేయమని చెబుతాను. 25వ తేదీ అమ్మకాన్నే తీసుకోండి. 250 టిన్నులకు 4,95,000 రూపాయలు వచ్చాయి, ఫైఫో లాభం 48,800 రూపాయలు. కానీ గోదామును మళ్లీ నింపాలంటే ఆ 250 టిన్నులకు 1,900 చొప్పున 4,75,000 రూపాయలు కావాలి. చేతిలో మిగిలేది 20,000 రూపాయలు, టిన్నుకు 80 చొప్పున. మిగతా 28,800 రూపాయలు ఎక్కడివంటే, పాత ధరకు కొన్న 120 టిన్నుల మీద టిన్నుకు 240 రూపాయలు ధర పెరగడం వల్ల కలిసొచ్చినవి. ఆ డబ్బు అంతే సరుకును తిరిగి కొనడానికే పోతుంది.

సగటు పద్ధతిలో అదే అమ్మకం మీద లాభం 39,500 రూపాయలు, అందులో కలిసొచ్చిన భాగం 19,500. కాబట్టి సగటు వాడితే ధర పెరుగుదల ప్రభావం లాభంలో కనిపించదనుకోవడం సరికాదు, అది తగ్గుతుందే కాని పోదు. అమ్మకపు ధర నిర్ణయించేటప్పుడు మాత్రం ఈ రెండు ఖర్చులనూ పక్కన పెట్టి, రేపు కొనవలసిన ధరనే చూడండి. 8.6 శాతం లాభం కనిపించిందని పాత ఖాతాదారుకు రాయితీ ఇచ్చి, తరువాతి లారీకి డబ్బు చాలక అప్పు తెచ్చిన దుకాణాన్ని నేను చూశాను.

ఆలస్యంగా ఎక్కించిన బిల్లును పట్టుకోండి

చలించే సగటును బాగా దెబ్బతీసేది కొనుగోలు బిల్లు నమోదులో జరిగే ఆలస్యం. 18వ తేదీ సరుకు గోదాములో దిగింది, కానీ బిల్లు గుమస్తా బల్ల మీదే ఉండిపోయి 27వ తేదీతో పుస్తకంలోకి ఎక్కిందనుకోండి. 25వ తేదీ అమ్మకం నాటికి పుస్తకంలో ఉన్నవి 120 టిన్నులే, అమ్మినవి 250. నిల్వ 130 టిన్నుల మేర రుణాత్మకంగా మారుతుంది. సగటు 1,640 దగ్గరే ఉంది కాబట్టి ఖర్చు 4,10,000 రూపాయలుగా నమోదై, ఆ అమ్మకం మీద లాభం 39,500కు బదులు 85,000 రూపాయలుగా కనిపిస్తుంది. తరువాత బిల్లు ఎక్కినప్పుడు మిగిలిన 150 టిన్నుల విలువ 3,18,800 రూపాయలు, అంటే టిన్ను 2,125 రూపాయలు దాటుతుంది.

ఈ చివరి అంకెను గమనించండి. మీరు ఎన్నడూ 1,900 రూపాయలకు మించి కొనలేదు, కానీ సగటు 2,125 అంటోంది. సగటు ఎప్పుడూ అతి తక్కువ కొనుగోలు ధరకూ అతి ఎక్కువ కొనుగోలు ధరకూ మధ్యనే ఉండాలి. ఆ హద్దు దాటిందంటే ఎక్కడో నిల్వ సున్నా కిందికి వెళ్లిందనో, బిల్లు తేదీ తప్పిందనో అర్థం. ఆ సరుకు రోజువారీ నిల్వ పట్టికను తెరిచి, రుణాత్మకంగా మారిన మొదటి తేదీని వెతకండి, తప్పు దాదాపుగా అక్కడే దొరుకుతుంది. బిల్లు రాకముందే సరుకు దిగితే, దిగిన తేదీతోనే అంచనా ధరకు నమోదు చేసి తరువాత సరిదిద్దడం మేలు.

మీ సాఫ్ట్‌వేర్ ఏ సగటు కడుతోందో తెలుసుకోవడానికి కూడా ఇలాంటి పరీక్షే ఉంది. టాలీలో సరుకు వివరాల దగ్గర `Costing Method` కింద `Avg. Cost`, `FIFO` వంటి ఎంపికలు ఉంటాయి. ఖాళీగా ఉన్న ఒక నమూనా కంపెనీలో పై పట్టికలోని అయిదు వరుసలనూ ఎక్కించి ముగింపు సరుకు విలువ చూడండి. 2,85,000 వస్తే ఫైఫో, 2,73,300 వస్తే చలించే సగటు, 2,64,828 దరిదాపుల్లో వస్తే కాలం మొత్తానికి కట్టిన ఒకే సగటు. తెర మీద ఉన్న పేరును నమ్మడం కన్నా ఈ పది నిమిషాల పని నమ్మదగినది.

ధర తిరగబడితే ఏమవుతుందో కూడా లెక్కించి ఉంచుకోండి

ముగింపు సరుకును ఖర్చు ధరకు గాని, అమ్మితే ఖర్చులు పోను చేతికి వచ్చే విలువకు గాని, ఏది తక్కువైతే దానికి చూపాలి. ఫైఫోలో నిల్వ కొత్త, ఖరీదైన ధరల దగ్గర ఉంటుంది కాబట్టి మార్కెట్ జారినప్పుడు ముందుగా దెబ్బ తగిలేది దానికే. అమ్మకపు ఖర్చులు పోను టిన్నుకు 1,850 రూపాయలే వచ్చే పరిస్థితి ఏర్పడితే ఫైఫో విలువ 2,85,000 నుంచి 2,77,500కు దిగి, 7,500 రూపాయల నష్టం రాయాలి. సగటులో టిన్ను 1,822 దగ్గరే ఉంది కాబట్టి ఏమీ రాయనక్కరలేదు. 11,700 రూపాయల ఎడం అలా 4,200కు కుదించుకుపోతుంది. ఇది ఊహకు మాత్రమే పరిమితమైన పరిస్థితి కాదు. 2025 మే 30న ముడి నూనెల మూల సుంకాన్ని కేంద్రం మళ్లీ 20 నుంచి 10 శాతానికి తగ్గించింది.

పద్ధతి మార్చే ముందు

మన దేశంలో అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2, ఇండ్ ఏఎస్-2, ఆదాయపు పన్ను లెక్కకు వర్తించే ఐసీడీఎస్-2 మూడూ ఒకదానితో ఒకటి మార్చి వాడుకోదగిన ఇలాంటి సరుకుకు ఫైఫోనూ భారిత సగటునూ అనుమతిస్తాయి. చివర వచ్చినది ముందు పోయిందనే లిఫోను అనుమతించవు. రెండింటిలో ఏది ఎంచుకున్నా ఏటేటా అదే కొనసాగించాలి. తగిన కారణం లేకుండా మార్చకూడదని ఐసీడీఎస్ చెబుతుంది. ధర పెరిగిన ఏడు సగటు, ధర తగ్గిన ఏడు ఫైఫో అంటూ లాభం తక్కువగా కనిపించేలా మార్చుకుంటూ పోవడం తగిన కారణం కాదు. సరైన కారణంతో మార్చవలసి వస్తే, మార్చిన సంవత్సరం ముగింపు సరుకును రెండు పద్ధతుల్లోనూ కట్టి, లాభం మీద పడిన ప్రభావాన్ని ఖాతాల వివరణల్లో అంకెతో సహా చూపాలి. అందుకోసం ప్రతి మార్చి 31న మీరు వాడని రెండో పద్ధతిలో కూడా నిల్వ విలువ కట్టి, ఆ ఒక్క అంకెను సరుకు పుస్తకం చివరి పేజీలో రాసి ఉంచండి.